వెనక గదిలో వైఫై: డీబీఎం అంకె, దాని పక్కనే ఉండే నాయిస్ అంకె

పర్లాకిమిడి పాత వీధుల్లో ఇళ్ళు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. వీధి వైపు పన్నెండు అడుగులుంటే గొప్ప, లోపలికి మాత్రం ఎనభై అడుగులు పోతాయి. వీధి గది, నడిమి గది, ఆ వెనక ఇంకో గది, అలా ఒకదాని వెనక ఒకటి. గుమ్మాలన్నీ ఒకే వరసలో ఉంటాయి కాబట్టి వీధిలో నిలబడితే పెరట్లో చెట్టు కనిపిస్తుంది. గోడలు సున్నం, ఇటుకలతో అడుగున్నర మందం. కేబుల్ వీధిలోంచి వస్తుంది కాబట్టి రౌటర్‌ని వీధి గదిలోనే బిగిస్తాం. పడుకునేది, చదువుకునేది, ఆఫీసు పని చేసుకునేది మాత్రం చివరి గదిలో.

నేను ఈ ఊళ్ళోను, గుణుపురం వైపు, సరిహద్దు దాటి పాతపట్నంలోను నెట్ లైన్లు, వైఫై పెట్టే పని చేస్తాను. మా దగ్గర ఫిర్యాదు రెండు భాషల్లో వస్తుంది. ఒక ఇంట్లో "నెట్ చాలునాహిఁ" అంటారు, పక్కింట్లో "నెట్ ఆడట్లేదు" అంటారు. రెండు ఇళ్ళలోనూ నేను ముందు అడిగేది ఒకటే, ఏ గదిలో అని. వీధి గదిలో బాగుండి చివరి గదిలో బాగా లేకపోతే లైను తప్పు కాదు, గాలిలోని సిగ్నల్ సంగతి. దాన్ని తేల్చడానికి రెండు అంకెలు చూడాలి. ఒకటి సిగ్నల్ ఎంత అన్నది, రెండోది నాయిస్ ఎంత అన్నది. మొదటిది చాలామందికి తెలుసు. రెండోది తెలియకపోవడం వల్ల ఎన్ని రౌటర్లు అనవసరంగా మార్చారో నేను కళ్ళారా చూశాను. అలాంటి ఒక ఇంటి సంగతి పట్టుకుని ఈ రెండు అంకెలూ ఎలా చదవాలో చెబుతాను.

రిటైరైన ఒక మేష్టారి ఇల్లది. ఆయన కోడలు రాత్రి ఎనిమిది నుంచి పది వరకు ఆన్‌లైన్‌లో పిల్లలకి లెక్కలు చెబుతుంది. చివరి గదిలో బల్ల, దాని మీద మ్యాక్ ల్యాప్‌టాప్. క్లాసు మధ్యలో పిల్లల మాటలు తెగిపోతున్నాయి. "సిగ్నల్ నిండుగానే ఉంది గదా అన్నయ్యా, మూడు గీతలూ ఉన్నాయి" అంది. నిజమే, ఉన్నాయి. ఇంకో సంగతి కూడా చెప్పింది: "నా మాట వాళ్ళకి బాగానే వినిపిస్తోందట. వాళ్ళ మాటే నాకు తెగుతోంది." ఈ రెండో మాట చాలా విలువైనదని నాకు అప్పుడు తట్టలేదు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

గీతల్ని నమ్మడానికి లేదు. ఎంత సిగ్నల్‌కి ఎన్ని గీతలు చూపాలన్నది ఒక్కో కంపెనీ ఒక్కోలా పెట్టుకుంటుంది. ఒక ఫోన్‌లో మూడు గీతలున్న చోటే ఇంకో ఫోన్‌లో రెండు ఉంటాయి. అందుకే గీతల వెనక ఉన్న అసలు అంకె చూడాలి. ఆ అంకె డీబీఎంలో ఉంటుంది. తెర మీద -66 dBm అని కనిపిస్తుంది.

డీబీఎం అంటే ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే కొలత. సరిగ్గా ఒక మిల్లీవాట్ అయితే అది సున్నా డీబీఎం. అందులో పదో వంతు అయితే మైనస్ 10, వందో వంతు అయితే మైనస్ 20. ఇలా పది పదిగా దిగుతున్న కొద్దీ పవర్ పదో వంతుకి పడుతూ పోతుంది. మైనస్ 30 అంటే మిల్లీవాట్‌లో వెయ్యో వంతు. మైనస్ 60 అంటే పది లక్షలో వంతు. మైనస్ 90 అంటే వంద కోట్లలో ఒక వంతు. ఇంత చిన్నవాటిని మామూలుగా రాస్తే దశాంశ బిందువు తర్వాత తొమ్మిది స్థానాలు కావాలి. ఆ బాధ లేకుండా ఈ లెక్క పెట్టారు. మన చేతికొచ్చే సిగ్నల్ ఎప్పుడూ మిల్లీవాట్ కంటే చాలా తక్కువే కాబట్టి అంకె ఎప్పుడూ మైనస్‌లోనే ఉంటుంది. సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. మైనస్ 50 బాగుంటుంది, మైనస్ 80 బాగుండదు.

ఇందులో గుర్తుంచుకోవాల్సినవి రెండే. 3 తగ్గితే పవర్ సగం అవుతుంది. 10 తగ్గితే పదో వంతు అవుతుంది. మైనస్ 60 నుంచి మైనస్ 70కి వెళ్ళడం "కొంచెం తగ్గడం" కాదు, పదిలో తొమ్మిది వంతులు పోవడం. వంద మందిలో తొంభై మంది లేచి వెళ్ళిపోయినట్టు. ఈ ఒక్క సంగతి మనసులో పడితే తర్వాతి లెక్కంతా సులువు.

ఇక అంకె ఎక్కడ చూడాలి? మ్యాక్‌లో అయితే కీబోర్డ్ మీద Option మీట నొక్కి పట్టుకుని పైన ఉన్న వైఫై గుర్తు మీద క్లిక్ చేస్తే ఒక జాబితా తెరుచుకుంటుంది. అందులో RSSI అని ఉన్నది సిగ్నల్, Noise అని ఉన్నది నాయిస్, Tx Rate అని ఉన్నది ఆ క్షణాన ల్యాప్‌టాప్ ఎంత వేగంతో పంపుతోందో అది. మూడూ ఒకేచోట దొరుకుతాయి కాబట్టి ఇంట్లో మ్యాక్ ఉంటే దాన్నే వాడతాను. లినక్స్‌లో ఈ రెండు కమాండ్లు చాలు. మొదటిదాంట్లో సిగ్నల్, రెండోదాంట్లో in use అని రాసి ఉన్న చానెల్ కింద నాయిస్ కనిపిస్తాయి. wlan0 బదులు మీ ల్యాప్‌టాప్‌లో వైఫైకి ఉన్న పేరు పెట్టుకోవాలి. నాయిస్ చూపని కార్డులు కూడా కొన్ని ఉంటాయి.

```
iw dev wlan0 link
iw dev wlan0 survey dump
```

విండోస్‌లో `netsh wlan show interfaces` అని కొడితే Signal దగ్గర శాతం వస్తుంది. దాన్ని డీబీఎంలోకి మార్చడం తేలిక. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 0 శాతం అంటే మైనస్ 100, 100 శాతం అంటే మైనస్ 50, మధ్యలో సమానంగా పంచారు. అంటే శాతాన్ని సగం చేసి వంద తీసేయాలి. 68 శాతం ఉంటే 34 లోంచి వంద తీస్తే మైనస్ 66. "అరవై ఎనిమిది మార్కులొచ్చాయి, పాసే కదా" అనుకోకూడదు. 50 శాతం అంటే మైనస్ 75. వీడియో కాల్‌కి అది ఫెయిలే.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై ఎనలైజర్ లాంటి యాప్ ఏదైనా వేసుకుంటే డీబీఎం కనిపిస్తుంది. ఒక జాగ్రత్త ఉంది. ఆండ్రాయిడ్ 9 నుంచి ఒక యాప్ రెండు నిమిషాల్లో నాలుగు సార్లకి మించి చుట్టూ వెతకలేదు. మీరు నడిమి గదిలోంచి చివరి గదిలోకి వచ్చేసినా తెర మీద నడిమి గది అంకెలే ఉండిపోవచ్చు. గదిలోకి వెళ్ళాక ఒక నిమిషం ఆగి, అంకె మారిందని చూసుకుని అప్పుడు రాసుకోవాలి. ఫోన్‌లో నాయిస్ మాత్రం దొరకదు, యాప్‌లకి ఆండ్రాయిడ్ ఆ అంకె ఇవ్వదు. ఐఫోన్‌లో ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ యాప్ వేసుకుని, సెట్టింగ్స్‌లో దాని వైఫై స్కానర్ ఆన్ చేస్తే సిగ్నల్ ఒక్కటే చూపిస్తుంది.

కొలిచే పద్ధతి కూడా ముఖ్యమే. నేను మొదటిసారి మేష్టారింటికి మధ్యాహ్నం పదకొండింటికి వెళ్ళాను. గుమ్మాల తలుపులన్నీ తీసి ఉన్నాయి. చివరి గదిలో 2.4 గిగాహెర్ట్జ్ మీద మైనస్ 61 వచ్చింది. బ్రహ్మాండంగా ఉందని చెప్పి వచ్చేశాను. అది నా తప్పు. క్లాసు జరిగేది రాత్రి. అప్పుడు దోమలకి, చప్పుడుకి తలుపులన్నీ వేసేస్తారు. గుమ్మాలు వరసగా ఉన్న ఇంట్లో తలుపులు తీసి ఉంటే సిగ్నల్ నేరుగా ఆ దారిలోనే వచ్చేస్తుంది. వేసేస్తే చెక్కలోంచి, గోడల్లోంచి రావాలి. రెండోసారి రాత్రి ఎనిమిదిన్నరకి వెళ్ళి, తలుపులు వేయించి, ఆమె కూర్చునే కుర్చీలోనే కూర్చుని చూస్తే మైనస్ 66. ఐదు డీబీ పోయింది, అంటే మధ్యాహ్నం ఉన్నదాంట్లో మూడో వంతు కంటే తక్కువే మిగిలింది. కొలవాల్సింది గది మధ్యలో నిలబడి కాదు, వాడే వస్తువుని వాడే చోట వాడే వేళకి పెట్టి. అంకె ఒక్కచోట నిలవదు, రెండు మూడు డీబీ అటూ ఇటూ ఊగుతుంది. అర నిమిషం చూసి ఎక్కువసార్లు కనిపించినదే రాసుకోవాలి. మన ఒళ్ళు కూడా అడ్డే. రౌటర్‌కి వీపు పెట్టి ఫోన్ గుండెల దగ్గర పట్టుకుంటే కొన్ని డీబీలు మన ఒంట్లోనే ఇంకిపోతాయి.

మైనస్ 66 అంటే మంచిదా చెడ్డదా? వైఫై పని చేసేవాళ్ళు వీడియో కాల్‌కి, మాటకి మైనస్ 67 కంటే మెరుగ్గా ఉండాలంటారు. మైనస్ 70 వరకు వెబ్‌సైట్లు, వాట్సాప్ నడుస్తాయి. మైనస్ 75 దాటితే ఇబ్బందులు మొదలవుతాయి. మైనస్ 80 దగ్గర పేరుకి కనెక్షన్ ఉంటుంది తప్ప దాన్ని నమ్ముకుని పని పెట్టుకోలేం. ఈ లెక్కన మేష్టారి కోడలి గది పాసయ్యింది, అంచు మీదే అయినా పాసే. మరి మాట ఎందుకు తెగుతోంది?

ఎందుకంటే ఆ మైనస్ 67 అన్న హద్దు వెనక చెప్పని షరతు ఒకటుంది. నాయిస్ మామూలుగా ఉంటేనే ఆ హద్దు పనికొస్తుంది. గుడిసెలో రాత్రిపూట గుసగుసగా మాట్లాడినా వినిపిస్తుంది. రైస్ మిల్లులో అరిచినా వినిపించదు. గొంతు ఎంత పెద్దదన్నది కాదు, చుట్టూ ఉన్న రొద కంటే ఎంత పైకి లేచిందన్నదే లెక్క.

రేడియోలో ఆ రొదకి ఒక అడుగు మట్టం ఉంది. ఏ పరికరమూ లేకపోయినా, గది వేడి వల్లనే ప్రతి హెర్ట్జ్ వెడల్పుకీ మైనస్ 174 డీబీఎం నాయిస్ ఉంటుంది. వైఫై చానెల్ వెడల్పు మామూలుగా 20 మెగాహెర్ట్జ్, అంటే రెండు కోట్ల హెర్ట్జ్. ఆ వెడల్పంతా కలిపితే 73 డీబీ చేరుతుంది కాబట్టి మైనస్ 101 అవుతుంది. దానికి ల్యాప్‌టాప్‌లోని రేడియో తన వంతుగా ఒక ఐదారు డీబీ కలుపుతుంది. కాబట్టి మంచి గదిలో తెర మీద మీకు కనిపించేది మైనస్ 95 నుంచి మైనస్ 90 మధ్యలో ఉంటుంది. అంతకంటే కిందకి ఏ ఇంట్లోనూ పెద్దగా పోదు. మైనస్ 85కి, 80కి ఎక్కిందంటే అక్కడ ఏదో రొద పెడుతున్నట్టే.

ఇక్కడ చాలామంది తికమక పడతారు. సిగ్నల్ అంకె సున్నా వైపు పోతే మంచిది, నాయిస్ అంకె సున్నా వైపు పోతే చెడ్డది. మైనస్ 92 నాయిస్ మంచిది, మైనస్ 79 నాయిస్ చెడ్డది. రెండింటి మధ్య ఎడమే మనకి దక్కేది. దాన్ని ఎస్ఎన్ఆర్ అంటారు. సిగ్నల్ లోంచి నాయిస్ తీసేస్తే వస్తుంది.

```
SNR = RSSI - Noise
-66 - (-92) = 26 dB
```

డీబీఎంలని తీసివేస్తే వచ్చేది డీబీ, ఎందుకంటే అది పవర్ కాదు, రెండింటి మధ్య ఎన్ని రెట్ల తేడా ఉందో చెప్పేది. 26 డీబీ అంటే సిగ్నల్ నాయిస్ కంటే సుమారు నాలుగు వందల రెట్లు. రౌటర్, ల్యాప్‌టాప్ ఈ ఎడాన్ని బట్టే వేగం ఎంచుకుంటాయి. ఎడం పెద్దదైతే ఒక్కో విడతలో ఎక్కువ బిట్లు కుక్కుతాయి, చిన్నదైతే ఒకటి రెండు బిట్లే పంపి నెమ్మదిగా పోతాయి. సుమారుగా చెప్పాలంటే 25 డీబీ పైన ఉంటే వీడియో కాల్‌కి నిశ్చింత. 20 దగ్గర మామూలు పనులకి ఇబ్బంది లేదు. 15 కిందకి పోతే కాల్స్ తెగడం మొదలు. 10 కంటే తక్కువైతే ఆ గదిలో వైఫై లేదనుకోవడమే మేలు.

మేష్టారింట్లో మొదటి రాత్రి నేను సిగ్నల్ ఒక్కటే చూసి తల గోక్కుంటూ కూర్చున్నాను. నా ఫోన్ అదే గదిలో మంచం మీద పెడితే మైనస్ 68 చూపిస్తూ వీడియో హాయిగా ఆడుతోంది. మైనస్ 66 ఉన్న ల్యాప్‌టాప్‌లో మాత్రం తెగుతోంది. సిగ్నల్ తక్కువ ఉన్న వస్తువు బాగా పనిచేస్తుంటే, ఎక్కువ ఉన్నది తడబడుతుంటే అక్కడ గొడవ సిగ్నల్‌ది కాదు. అప్పుడు Option నొక్కి జాబితా మొత్తం చదివాను. RSSI -66, Noise -79. ఎడం 13.

మైనస్ 79 అంటే ఉండాల్సిన నాయిస్ కంటే 13 డీబీ ఎక్కువ, అంటే ఇరవై రెట్లు. అది ఈ బల్ల చుట్టూనే పుడుతోందని తెలుస్తూనే ఉంది, ఎందుకంటే నాలుగడుగుల దూరంలో ఉన్న నా ఫోన్‌కి ఏ ఇబ్బందీ లేదు. బల్ల మీద ఉన్నవి ల్యాప్‌టాప్, టేబుల్ లైటు, మొబైల్ చార్జర్, ల్యాప్‌టాప్‌కి ఆనించి పెట్టిన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. ఒక్కోటీ తీసి పది సెకన్లు ఆగి నాయిస్ చూశాం. లైటు ఆర్పితే మైనస్ 79. చార్జర్ పీకితే మైనస్ 79. హార్డ్ డిస్క్ ఎజెక్ట్ చేసి కేబుల్ పీకగానే మైనస్ 92. మళ్ళీ పెట్టి ఒక పాఠం వీడియో కాపీ మొదలుపెట్టగానే మైనస్ 79. మూడుసార్లు అలా చేసి చూశాం. సిగ్నల్ ఒక్కసారి కూడా కదల్లేదు, మైనస్ 66 దగ్గరే ఉంది. మేష్టారు కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చి "అంటే ఇన్నాళ్ళూ ఈ డబ్బాయేనా" అని ఆ డిస్క్‌ని చేతిలోకి తీసుకుని చూశారు.

దీనికి కారణం తెలిసినదే. యూఎస్‌బీ 3.0 కేబుల్‌లో డేటా సెకనుకి ఐదు గిగాబిట్ల వేగంతో పరిగెడుతుంది. అంత వేగంగా మారే కరెంటు సున్నా నుంచి ఐదు గిగాహెర్ట్జ్ దాకా అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ కొంచెం కొంచెం చిమ్ముతుంది. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ సరిగ్గా ఆ మధ్యలో ఉంది. కేబుల్‌కి, డబ్బాకి లోహపు తొడుగు సరిగ్గా లేకపోతే ఆ చిమ్మేది పక్కనే ఉన్న ల్యాప్‌టాప్ ఏంటెనా మీద పడుతుంది. ఇంటెల్ కంపెనీ 2012లోనే కొలిచి చూపించిన సంగతిది. చవక రకం యూఎస్‌బీ హబ్‌లు కూడా ఇదే పని చేస్తాయి. ఆమె క్లాసు రికార్డింగులు డిస్క్ మీదకే పోతాయి కాబట్టి క్లాసు సాగినంతసేపూ డిస్క్ తిరుగుతూనే ఉంటుంది. పగలు నేను వెళ్ళినప్పుడు అది బీరువాలో ఉంది.

ఇప్పుడు ఆమె మొదట చెప్పిన మాట దగ్గరికి వద్దాం. ఆమె మాట పిల్లలకి బాగానే వినిపిస్తోంది, పిల్లల మాటే ఆమెకి తెగుతోంది. నాయిస్ అనేది వినేవాడి చెవి దగ్గర లెక్క. ల్యాప్‌టాప్ పక్కన రొద ఉంటే ల్యాప్‌టాప్‌కి వచ్చేది పాడవుతుంది. అది పంపేది వీధి గదిలో ఉన్న రౌటర్ వింటుంది, అక్కడ రొద లేదు. వినడంలో ఇబ్బంది, పలకడంలో లేదు అంటే మన దగ్గరే నాయిస్ ఉందని అనుమానించాలి. ఆ మాట ముందే పట్టుకుని ఉంటే నేను మధ్యాహ్నం అంకె చూసి వచ్చేసేవాణ్ణి కాదు.

దీనికి ఎదురుగా ఉండే కష్టం ఇంకోటుంది, అది ఫోన్లలో ఎక్కువ. మీకు అవతలి వాళ్ళు బాగానే వినిపిస్తారు, మీ మాటే వాళ్ళకి తెగుతుంది. రౌటర్ సుమారు 20 డీబీఎంతో, అంటే వంద మిల్లీవాట్లతో పలుకుతుంది. ఫోన్‌కి బ్యాటరీ బాధ ఉంది కాబట్టి అది సాధారణంగా అంతకంటే చాలా డీబీలు తక్కువగా పలుకుతుంది. ఫోన్ తెర మీద కనిపించే మైనస్ 70 రౌటర్ గొంతు మీ దాకా ఎలా వచ్చిందో చెప్పేదే. మీ గొంతు రౌటర్‌కి మైనస్ 77గా చేరుతుండొచ్చు. అది చూడాలంటే చాలా రౌటర్ల సెట్టింగ్స్ పేజీలో, కనెక్ట్ అయిన ఫోన్ల జాబితాలో, ఒక్కోదాని సిగ్నల్ ఉంటుంది. చివరి గదిలో ఎవరినైనా ఫోన్‌తో కూర్చోబెట్టి వీధి గదిలో ఆ పేజీ చూస్తే రెండు వైపుల లెక్కా తేలుతుంది. రౌటర్ పవర్ పెంచితే ఈ కష్టం తీరదు. రౌటర్ ఇంకా గట్టిగా అరుస్తుంది తప్ప ఫోన్ గొంతు పెరగదు.

డిస్క్ సంగతి తేలాక మేష్టారు సహజంగానే అడిగారు, "5 జీ వైఫైకి మార్చేస్తే పోదా?" అని. 5 గిగాహెర్ట్జ్‌కి ఆ డిస్క్ రొద పెద్దగా తగలదు, ఆ మాట నిజం. కాని అంత దూరం 5 రావాలి కదా. ఒకే దూరంలో 2.4 కంటే 5 గిగాహెర్ట్జ్ ఆరేడు డీబీలు తక్కువగా అందుతుంది, పైగా గోడలు దాన్ని ఎక్కువ మింగుతాయి. చివరి గదిలో కొలిస్తే RSSI -80, Noise -90. ఎడం 10. పనికిరాదు.

ఇక్కడ నాయిస్ మైనస్ 90 ఎందుకుందో గమనించండి. ఏ రొదా లేదు, రౌటర్ 5 గిగాహెర్ట్జ్‌లో 80 మెగాహెర్ట్జ్ వెడల్పు చానెల్ వాడుతోంది. వెడల్పు రెండింతలైన ప్రతిసారీ దాంట్లో పడే నాయిస్ కూడా రెండింతలు, అంటే 3 డీబీ పెరుగుతుంది. తలుపు ఎంత వెడల్పుగా తీస్తే వీధి చప్పుడు అంత లోపలికి వస్తుంది. రౌటర్ సెట్టింగ్స్‌లో వెడల్పు 80 నుంచి 40కి తగ్గిస్తే 3 డీబీ, 20కి తగ్గిస్తే 6 డీబీ మిగులుతుంది. పైసా ఖర్చు లేని పని. అంచు మీద ఉన్న గదిని అది గట్టెక్కిస్తుంది. మా దగ్గర 10 ఉన్నది 16 అవుతుంది, వీడియో క్లాసుకి అదీ చాలదు. పైగా రౌటర్ దగ్గర ఉన్నవాళ్ళకి పై వేగం తగ్గుతుంది.

ఈ లెక్కకి చిక్కని సంగతి ఒకటుంది. గోడకి గోడ కలిసిన వీధుల్లో అదే ఎక్కువ ఏడిపిస్తుంది. పక్కింటి వైఫై నాయిస్ అంకెలో సాధారణంగా కనిపించదు. మీ ల్యాప్‌టాప్ దాన్ని రొదగా చూడదు, తన భాషే మాట్లాడుతున్న ఇంకొకరిగా గుర్తుపడుతుంది. వైఫై మర్యాద ప్రకారం ఒకే చానెల్‌లో ఎవరైనా మాట్లాడుతుంటే మిగతావాళ్ళు ఆగాలి. అవతలి వైఫై మైనస్ 82 అంత బలహీనంగా వినిపించినా సరే ఆగాల్సిందే. మన వీధిలో అలాంటివి ఎనిమిదో పదో ఉంటాయి. అప్పుడు RSSI -60, Noise -92 అని చక్కటి అంకెలు కనిపిస్తూనే సాయంత్రం పూట నెట్ ఈడుస్తుంది. సిగ్నల్‌కి లోటు లేదు, వంతు రావడం లేదు.

దాన్ని పట్టుకోవడానికి నేను రౌటర్‌నే పింగ్ చేస్తాను. చాలా రౌటర్లకి చిరునామా ఇది, మీది వేరేగా ఉంటే అది పెట్టుకోండి.

```
ping 192.168.1.1
```

ఇది వీధి దాటి బయటికి పోదు, ల్యాప్‌టాప్‌కి రౌటర్‌కి మధ్య గాలినే పరీక్షిస్తుంది. బాగున్న చోట ప్రతి జవాబూ కొన్ని మిల్లీసెకన్లలో వచ్చేస్తుంది. 3, 4, 180, 5, 240 అని గెంతుతూ వస్తే, ఎడం 25 పైన ఉన్నా సరే, చానెల్ రద్దీ అని అనుమానించాలి. అదే పింగ్ నిలకడగా 4, 5 దగ్గర ఉండి కూడా వీడియో ఆగుతుంటే తప్పు వైఫైది కాదు, లైనుది. నెట్ ఇచ్చేవాళ్ళతో అప్పుడు గట్టిగా మాట్లాడవచ్చు. రద్దీ అయితే 2.4లో 1, 6, 11 చానెళ్ళలో పక్కిళ్ళవి తక్కువగా, బలహీనంగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి. 3, 8 లాంటి మధ్య చానెళ్ళు ఖాళీగా కనిపించినా వాటి జోలికి పోవద్దు. అవి అటూ ఇటూ ఇద్దరితోనూ కలిసిపోతాయి. సగం సగం కలిసిన మాటలు గుర్తుపట్టేలా ఉండవు కాబట్టి అప్పుడవి నిజంగానే రొద అవుతాయి.

మేష్టారింట్లో ఆ రాత్రికి చేసింది చిన్న పని. డిస్క్‌కి మంచి తొడుగున్న మీటరు కేబుల్ వేసి, ల్యాప్‌టాప్‌కి దూరంగా బల్ల కింద అరలో పెట్టాం. కాపీ జరుగుతుండగా నాయిస్ మైనస్ 89, ఎడం 23. పిల్లల మాట తెగడం ఆగింది. కాని 23 అంటే అంచు నుంచి ఎంతో దూరం కాదు. వానాకాలంలో తడిసిన గోడ ఇంకో రెండు మూడు డీబీలు తింటే మళ్ళీ మొదటికొస్తుందని చెప్పాను.

రిపీటర్ కొని చివరి గదిలో పెట్టేద్దామని వాళ్ళబ్బాయి అన్నాడు. అందరికీ వచ్చే ఆలోచనే. చివరి గదిలో పెట్టిన రిపీటర్ తనే 5 గిగాహెర్ట్జ్‌ని మైనస్ 80 దగ్గర వింటుంది. సరిగ్గా వినని మాటని గట్టిగా చెప్పినంత మాత్రాన అది సరైన మాట అయిపోదు. ఫోన్‌లో గీతలు నిండిపోతాయి, మైనస్ 40 చూపిస్తుంది, వేగం మాత్రం అంతే ఉంటుంది. పెడితే దాన్ని తను మైనస్ 65 దాకా వినగలిగే చోట, అంటే నడిమి గదిలో పెట్టాలి.

వాళ్ళు ఇంకో వారానికి రిపీటర్ బదులు కేబులే వేయించుకున్నారు. వీధి గది నుంచి నడిమి గది దాటి, చివరి గది గుమ్మం పైకి లాన్ కేబుల్ లాగి, అక్కడ రెండో యాక్సెస్ పాయింట్ బిగించాం. 5 గిగాహెర్ట్జ్, 40 మెగాహెర్ట్జ్ వెడల్పు. రాత్రి తొమ్మిదికి తలుపులన్నీ వేసి, డిస్క్ పక్కనే తిరుగుతుండగా, ఆమె కుర్చీలో కూర్చుని చూస్తే RSSI -52, Noise -93. ఎడం 41. మేష్టారు ఆ రెండు అంకెలూ తేదీతో సహా గోడ మీద క్యాలెండర్‌లో రాసుకున్నారు. ఈసారి తేడా వస్తే ముందు వాటితో పోల్చి చూసి, రెండింట్లో ఏది కదిలిందో చెప్పి అప్పుడు నన్ను పిలుస్తానన్నారు.